రెండు పరీక్షల మధ్య ఒక గీత

కరోనా కాలంలో బడులు మూతపడి చిన్న పిల్లలు చదువులో వెనకబడ్డారు. ఆ లోటు పూడ్చడానికి తమిళనాడు ప్రభుత్వం 2022 జూన్‌లో 'ఎణ్ణుమ్ ఎళుత్తుమ్' పథకం మొదలుపెట్టింది. మొదటి మూడు తరగతుల పిల్లల స్థాయి చూసి, దాన్నిబట్టి అరుంబు, మొట్టు, మలర్ అనే జట్లుగా చేసి చదువు చెప్పడం అందులో పద్ధతి. 2011 జనగణనలో రాష్ట్రంలోకెల్లా తక్కువ అక్షరాస్యత, 68.5 శాతం, నమోదైన ధర్మపురి లాంటి జిల్లాలో ఇటువంటి పథకం ఫలితాన్ని అందరూ నిశితంగానే చూస్తారు. చూసేవాళ్ల ప్రశ్న ఒకటే: మొదట్లో ఏ బడి ఎక్కడుంది, ఇప్పుడెక్కడికి చేరింది?

దీనికి స్లోప్ చార్ట్‌ను మించిన బొమ్మ నాకు తెలియదు. ఎడ్వర్డ్ టఫ్టీ 1983లో తెచ్చిన పుస్తకంలో ఈ రకం బొమ్మ ఉంది. పదిహేను దేశాల స్థూల దేశీయోత్పత్తిలో ప్రభుత్వ రాబడి వాటా 1970లో ఎంత, 1979లో ఎంత అన్నది రెండు నిలువు వరుసల్లో రాసి, ఒక్కో దేశానికి ఒక్కో గీత గీశాడు. అంతకు మించి అందులో అలంకారమేమీ లేదు.

మన బడులకు గీసి చూద్దాం. అంకెలు నమూనా కోసం నేను వేసుకున్నవి. మూడో తరగతిలో చిన్న పేరా చదవగలిగినవారి శాతం, జూన్‌లోనూ మార్చిలోనూ: అ బడి 62 నుంచి 70, ఆ బడి 58 నుంచి 61, ఇ బడి 33 నుంచి 58, ఈ బడి 47 నుంచి 67, ఉ బడి 71 నుంచి 64. వీటిని ఎక్సెల్‌లో మూడు నిలువు వరుసలుగా కొట్టి `Line with Markers` ఎంచుకుంటే మొదట వచ్చేది తప్పు బొమ్మ. అయిదు బడుల మీదుగా పోయే రెండే గీతలు కనిపిస్తాయి. `Switch Row/Column` నొక్కితే బడికొక గీత వస్తుంది. అడ్డగీతలు, పక్కనున్న రంగుల పట్టిక తీసేసి, గీత రెండు కొసల దగ్గరే బడి పేరూ అంకే రాయాలి. మార్చి వైపు అంకెలన్నీ మూడేసి పాయింట్ల దూరంలోనే పడతాయి కాబట్టి పేర్లు ఒకదానిమీదొకటి పడితే కాస్త జరపాలి, చుక్కలను మాత్రం జరపకూడదు. బడులు పదిహేను దాటితే అన్నీ బూడిద రంగులో ఉంచి, చెప్పదలచుకున్న రెండింటికే రంగు వేయడం మేలు.

ఇప్పుడు బొమ్మ ఏం చెబుతోంది? జూన్‌లో అందరికన్నా పైనున్న ఉ బడిని అ, ఈ బడులు దాటేశాయి. ఇ బడి గీత నిటారుగా లేచింది. బొమ్మను పొడవుగా సాగదీస్తే ఆ గీత ఇంకా నిటారుగా కనబడుతుంది. అందుకే రెండు బ్లాకుల బొమ్మలు పక్కపక్కన పెట్టేటప్పుడు కొలతా, ఎత్తూ ఒకటే ఉండాలి.

ఈ బొమ్మను సమావేశంలో చూపిస్తే మెప్పు ఇ బడికీ, సంజాయిషీ ఉ బడికీ పడతాయి. ఇక్కడే ఆగాలి. ఇ బడి మూడో తరగతిలో పిల్లలు పన్నెండు మందే. నలుగురు చదివేచోట ఏడుగురు చదివారు. ఆ 25 పాయింట్ల వెనక ఉన్నది ముగ్గురు పిల్లలు. వాళ్ల ప్రగతి నిజమే కావచ్చు. కానీ జూన్ పరీక్షనాడు ఇద్దరికి జ్వరమొచ్చినా గీత అలాగే లేస్తుంది. మొదటి పరీక్షలో అట్టడుగున ఉన్న చిన్న బడులు రెండోసారి కొంత పైకి రావడం, ఎవరూ ఏమీ చేయకపోయినా, తరచూ జరిగేదే. ముప్ఫై ఆరుమందిలో పదిహేడు నుంచి ఇరవై నాలుగుకు చేరిన 'ఈ' బడి గీతను నేనైతే ఎక్కువ నమ్ముతాను.

ఉ బడి కథ వేరు. రెండుసార్లూ ఇరవై ఎనిమిది మందే రాశారు, చదవగలిగినవారు ఇరవై నుంచి పద్దెనిమిదికి తగ్గారు. హాజరు పట్టీ తీసి చూస్తే, నడుమ నలుగురు పిల్లలు తల్లిదండ్రుల వెంట పనులకని బెంగళూరు, తిరుప్పూరు వెళ్లిపోయారు అనుకుందాం. నలుగురూ చదవగలిగినవాళ్లే. వాళ్ల స్థానంలో చేరిన నలుగురూ అక్షరాల దగ్గరున్నవాళ్లు. ఇంట్లో తెలుగో కన్నడమో మాట్లాడి, తమిళం బడిలోనే మొదలుపెట్టినవాళ్లూ అందులో ఉండొచ్చు. రెండు పరీక్షలూ రాసిన ఇరవై నలుగురినే లెక్కిస్తే పదహారుమంది పద్దెనిమిదయ్యారు, అంటే 67 నుంచి 75. దిగిన గీత ఎక్కే గీతయింది.

జిల్లా లెక్కల్లోనూ ఇదే చిక్కు. 2001, 2011 జనగణనల ధర్మపురిని ఒకే గీతతో కలపకూడదు. 2004లో కృష్ణగిరి విడిపోయింది కాబట్టి, పాత లెక్కలో రెండు జిల్లాలున్నాయి, కొత్తదాంట్లో ఒకటే.

రెండు ప్రశ్నపత్రాల కష్టం ఒకటి కాకపోతే అన్ని గీతలూ కలిసి లేస్తాయి, లేదా కలిసి దిగుతాయి. అలా కనబడితే ముందు పేపరును అనుమానించండి. ఏ బడినైనా సంజాయిషీ అడిగేముందు, రెండు పరీక్షలూ రాసిన పిల్లల సంఖ్యను బడి పేరు పక్కనే అచ్చువేయించండి. ఇరవైకి లోపున్న బడుల గీతలను చుక్కల గీతలుగా గీయించండి.