ముందు కెపాసిటర్లు ఆపి కొలవండి

జగ్గయ్యపేట చుట్టుపక్కల నేలంతా సున్నపురాయి. జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది దాన్ని నమ్ముకునే. హైవే మీద చిల్లకల్లు దాటితే రాయి కొట్టే, పొడి చేసే చిన్న యూనిట్లకూ అదే ఆధారం. ఇలాంటి చోట ఫ్యాన్లు, మిల్లులు, కన్వేయర్లు వేగం మార్చుకోవడానికి వీఎఫ్‌డీలు వాడతారు. మామూలు వీఎఫ్‌డీ కరెంటును సాఫీగా తీసుకోదు. 50 హెర్ట్జ్ అసలు కరెంటుకు తోడు దానికి 5, 7, 11, 13 రెట్ల వేగంతో ఊగే కరెంట్లను లైనులోకి వదులుతుంది. ఇవే హార్మోనిక్స్. వీటిని అదుపు చెయ్యడానికి యాక్టివ్ ఫిల్టర్ కొనాలా, పాసివ్ సరిపోతుందా అని యజమాని అడిగితే, నా దృష్టిలో జవాబు క్యాటలాగులో దొరకదు. మెయిన్ బోర్డు ఇన్‌కమర్ దగ్గర క్లాంపు వేసి కొలిచిన ఆంపియర్లే చెప్పాలి.

శాతాలను కాక ఆంపియర్లను చూడమనడానికి కారణం ఉంది. రాత్రి లోడు 300 ఆంపియర్లకు పడిపోతే తెర మీద టీహెచ్‌డీ 30 శాతం కనిపించి గుండె గుభేలుమంటుంది. అది 90 ఆంపియర్లే. పగలు 1000 ఆంపియర్ల మీద 23 శాతమంటే 230. ఫిల్టర్ మోయాల్సింది ఈ రెండోదాన్ని. అందుకే అన్ని షిఫ్టులూ కలిసొచ్చేలా కనీసం ఒక పూర్తి రోజు రికార్డు చెయ్యాలి.

లెక్క కోసం ఒక యూనిట్ అనుకుందాం. 11 కేవీ నుంచి 433 వోల్టులకు దించే 1000 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, 5 శాతం ఇంపెడెన్స్. పవర్ ఫ్యాక్టర్ కోసం 400 కేవీఏఆర్ కెపాసిటర్లు, రియాక్టర్లు లేకుండా. కేవీఏహెచ్ మీద బిల్లు వస్తుంది కాబట్టి ఈ బ్యాంకు ప్రతిచోటా ఉంటుంది. కెపాసిటర్లు ఆపి కొలిస్తే లోడు 1000 ఆంపియర్లు. అందులో 5వ హార్మోనిక్ 200, 7వది 90, 11వది 50, 13వది 35. వీటిని వర్గాలు చేసి, కూడి, వర్గమూలం తీస్తే దాదాపు 228 ఆంపియర్లు.

ఇప్పుడు కెపాసిటర్లు వేద్దాం. ట్రాన్స్‌ఫార్మర్ షార్ట్ సర్క్యూట్ సామర్థ్యం 20,000 కేవీఏ. దాన్ని 400తో భాగించి వర్గమూలం తీస్తే 7.07. అంటే ట్రాన్స్‌ఫార్మరూ కెపాసిటర్లూ కలిసి సరిగ్గా 7వ హార్మోనిక్ దగ్గరే రెజొనెన్స్‌లో పడుతున్నాయి. 7వది ఎంత పెరుగుతుందో లోడు డాంపింగ్‌ను బట్టి ఉంటుంది. 5వది మాత్రం లెక్క ప్రకారం రెండింతలై 400 ఆంపియర్లకు చేరువవుతుంది. కెపాసిటర్ల ఫ్యూజులు ఊరికే పోతున్నాయన్నా, డబ్బాలు ఉబ్బుతున్నాయన్నా నేను ముందు అనుమానించేది దీన్నే. ఈ స్థితిలో తీసిన రీడింగ్ చూసి ఫిల్టర్ కొంటే, లోడు పుట్టించని కరెంటుకు డబ్బు కట్టినట్టే.

మొదటి మందు పాసివే, అదీ చవకైనదే: కెపాసిటర్లకు 7 శాతం సిరీస్ రియాక్టర్లు. దాంతో ఆ బ్రాంచి ట్యూనింగ్ 189 హెర్ట్జ్‌కు దిగుతుంది, అంటే 5వ హార్మోనిక్ కంటే కింద. ఇక రెజొనెన్స్ భయం పోవడమే కాదు, హార్మోనిక్స్‌లో కొంత భాగం ఈ బ్రాంచిలోకే మళ్ళుతుంది. మన యూనిట్‌లో ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్ళే 5వది 120కి, 7వది 64కి తగ్గి, మొత్తం 144 ఆంపియర్లవుతుంది. పాత కెపాసిటర్లకే రియాక్టర్ తగిలిస్తే కుదరదు. రియాక్టర్ వల్ల కెపాసిటర్ మీద వోల్టేజి ఏడెనిమిది శాతం పెరుగుతుంది కాబట్టి 480 లేదా 525 వోల్టుల రకం వెయ్యాలి.

బల్క్ వినియోగదారుల కరెంటుకు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2007 నిబంధనల్లో పెట్టిన, 2019 సవరణకు ముందున్న 8 శాతాన్నే లక్ష్యంగా పెట్టుకుందాం. నిజానికి ఆ పరిమితి వర్తించింది కనెక్షన్ పాయింటు దగ్గర, మెయిన్ బోర్డు దగ్గర కాదు. అయినా బోర్డు దగ్గరే అందుకుంటే బెంగ ఉండదు. పవర్ ఫ్యాక్టర్ సరయ్యాక లోడు 850 ఆంపియర్లు, దాని 8 శాతం 68. 144లోంచి అది పోతే 76 మిగులుతుంది. అంటే 100 ఆంపియర్ల యాక్టివ్ ఫిల్టర్ చాలు. రియాక్టర్లు పెట్టకుండా, కెపాసిటర్లను పూర్తిగా తీసేసి ఫిల్టర్ మీదే భారం వేస్తే 148 ఆంపియర్లు కావాలి, ఆపైన పవర్ ఫ్యాక్టర్ సమస్య అలాగే ఉంటుంది.

ఒకే పెద్ద ఫ్యాన్ రోజంతా ఒకే వేగంతో తిరుగుతుంటే నేను యాక్టివ్ జోలికి పోను. 5వదానికి ట్యూన్ చేసిన పాసివ్ ఫిల్టర్ ఆ డ్రైవు పక్కనే పెడితే సరి. లోడు గంటకోలా మారితేనే పాసివ్ తడబడుతుంది. లోడు తగ్గినా కేవీఏఆర్ ఇస్తూనే ఉండి పవర్ ఫ్యాక్టర్‌ను లీడింగ్‌లోకి నెడుతుంది. యాక్టివ్ ఫిల్టర్ ఎప్పటికప్పుడు కొలిచి వ్యతిరేక కరెంటు పంపిస్తుంది. కానీ అది ఎలక్ట్రానిక్స్ బీరువా. సాధారణంగా రేటింగు 40 డిగ్రీల గదికి ఇస్తారు. మే నెలలో రేకుల షెడ్డులో, సున్నపు దుమ్ముతో గాలి జల్లెడలు పూడుకుపోతే 100 ఆంపియర్లది 100 ఇవ్వదు. ప్యానెల్ గదికి ఏసీ ఖర్చు కూడా కొటేషన్‌లో కలిపి చూడాలి.

అమర్చిన రోజున ఒక పరీక్ష తప్పనిసరి. ఫిల్టర్ ఆన్ చేసి అదే అనలైజర్‌తో మెయిన్ బోర్డు ఇన్‌కమర్ దగ్గర చూడాలి. హార్మోనిక్ ఆంపియర్లు తగ్గకపోగా పెరిగితే ముందు సీటీలను చూడండి. ఒకటి తిరగబడి ఉంటే ఆ ఫేజులో ఫిల్టర్ రద్దు చెయ్యాల్సినదాన్ని రెట్టింపు చేస్తుంది. రెండు ఫేజుల సీటీ తీగలు తారుమారైనా అంకెలు సరిపోవు. ఆఫ్ చేసి, తీగలు సరిచేసి, ఒక్కో ఫేజూ విడివిడిగా మళ్ళీ కొలవాలి.