ఆరే కట్టు, తేమ కట్టు

సర్జికల్ వార్డులో ఒక్క పూట గడిపినవాళ్లకైనా గాజ్ సంప్రదాయం కొత్త కాదు. డ్రమ్ములో ఆటోక్లేవ్ చేసి తెచ్చిన గాజ్ ముక్కలు, గిన్నెలో పావిడోన్ అయోడిన్, పైన దూది ప్యాడ్, దాని మీద ప్లాస్టర్. ఇంట్లో పెద్దలు ‘పుండు ఆరాలి, తడి తగలనీయకు’ అనే మాటకు ఆసుపత్రి రూపం ఇది. దీని వంశం గట్టిదే. 1867లో లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో సూక్ష్మక్రిములను అడ్డుకోవడం చూపించాడు. 1880లో బర్మింగ్‌హామ్ సర్జన్ గామ్జీ రెండు గాజ్ పొరల మధ్య దూది పెట్టి, రసిని పీల్చే ప్యాడ్ తయారుచేశాడు. రసిని పీల్చాలి, క్రిమిని ఆపాలి, గాయాన్ని పొడిగా ఉంచాలి: గాజ్ ట్రే చెప్పేది ఇంతే.

రెండో సంప్రదాయం వయసులో చాలా చిన్నది. 1962లో జార్జ్ వింటర్ పందుల చర్మం మీద లోతులేని గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలి, కొన్నిటిని పలుచని పాలిథీన్ పొరతో కప్పాడు. కప్పినవాటి మీద కొత్త చర్మం దాదాపు రెట్టింపు వేగంతో పట్టింది. మరుసటి ఏడాది మనుషుల మీద చేసిన పరిశీలనలోనూ దిశ అదే. కారణం సులువుగానే అర్థమవుతుంది. గాలికి ఆరిన గాయం మీద పక్కు కడుతుంది, దాని కింది కణజాలం పైపొర కూడా ఎండిపోతుంది. అంచు నుంచి బయల్దేరిన చర్మకణాలు ఆ ఎండిన పొర కిందికి దిగి, తడి దొరికేచోట దారి చేసుకుంటూ పోవాలి. తేమ ఉన్న గాయంలోనైతే అవే కణాలు పైపైనే జరిగిపోతాయి. ఫిల్మ్, హైడ్రోకొల్లాయిడ్, ఫోమ్, సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్, హైడ్రోజెల్ అన్నీ ఈ ఒక్క గమనిక సంతానమే.

పాఠ ప్రణాళికల్లో నన్ను ఇబ్బంది పెట్టేది ఈ రెండు సంప్రదాయాల మధ్య తగవు కాదు. మొదటి అరగంట మానే దశలు, రెండో అరగంట డ్రెస్సింగుల జాబితా అని గీత గీయడం. రక్తం ఆగడం, వాపు, కండ పట్టడం, మచ్చ గట్టిపడటం అని నాలుగు దశలూ విద్యార్థిని తడుముకోకుండా చెబుతుంది. ఆల్జినేట్ ఎప్పుడు వాడాలో కూడా చెబుతుంది. మంచం దగ్గర ఈ రెండు సమాధానాలూ కలవవు. దశను పుస్తకంలోని రోజుల లెక్కతో నేర్చుకుంది గనుక, పన్నెండో రోజు అనగానే కండ పట్టే దశ అనుకుంటుంది. పుండు మాత్రం ఇంకా వాపు దశలోనే ఉండొచ్చు.

కుట్లు వేసి మూసిన శుభ్రమైన కోత దగ్గర రెండు పక్షాలకూ పెద్ద భేదం లేదు. అంచులు ఆనుకుని ఉంటాయి కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే పైచర్మం అతుక్కుంటుంది. థియేటర్లో వేసిన కట్టును, తడిస్తేనో ఊడితేనో తప్ప, దాదాపు 48 గంటలు కదపకపోవడమే మేలు. అది గాజ్ అయినా ఫిల్మ్ అయినా పని జరుగుతుంది. ఫిల్మ్ కింద కోత కనిపిస్తుంది, గాజ్ చవక. రోజూ విప్పి తుడిచి మళ్లీ కట్టే అలవాటుకు మాత్రం ఏ సంప్రదాయంలోనూ సమర్థన దొరకదు.

తెరిచిన గాయం దగ్గర దారులు చీలతాయి. పాఠం కోసం ఒక కేసు అల్లుకుందాం. యాభై రెండేళ్ల స్త్రీ, మధుమేహం ఉంది. పగిలిన అపెండిక్స్‌కు ఆపరేషన్ అయిన ఐదో రోజున జ్వరం, కోత దగ్గర చీము. సర్జన్ కుట్లు విప్పి తెరిస్తే ఏడు సెంటీమీటర్ల పొడవు, మూడు వెడల్పు, రెండు లోతు. అడుగున పసుపు రంగు మెత్తని స్లఫ్. పెట్టిన గాజ్ పూట గడవకుండానే తడిసిపోతోంది. చచ్చిన కణజాలం తీసేయడం, యాంటీబయాటిక్, చక్కెర అదుపు సర్జన్ చూసుకుంటారు. నర్సు కట్టు ఎంచుకోవాలి. ఇక్కడ సెలైన్‌లో తడిపి పిండిన గాజ్‌ను కుక్కకుండా వదులుగా నింపి రోజుకు రెండుసార్లు మార్చినా తప్పు లేదు. ఆల్జినేట్ తాడు పెట్టి, పైన ప్యాడ్ వేసి రోజుకోసారి మార్చినా తప్పు లేదు. ఎలాగూ రోజూ తెరిచి చూడాల్సిన దశలో ఖరీదైన కట్టుకు ఆధిక్యం తక్కువ. ఇక్కడ నా మొగ్గు గాజ్ వైపే.

పద్నాలుగో రోజుకు స్లఫ్ పోయింది, అడుగు ఎర్రగా, గింజగింజగా ఉంది. అదే గాజ్‌ను ఇప్పుడు తీస్తే గుడ్డ నేతలోకి అల్లుకున్న లేత రక్తనాళాలు తెగుతాయి. గుడ్డ మీద రక్తపు చుక్కలు, రోగి చేయి మంచం అంచు పట్టుకోవడం, ఈ రెండూ చాలు. చచ్చినదాన్ని లాగేసే గుణం వారం కిందట ఉపకారం, ఇవాళ అపకారం. ఇక్కడ ఫోమ్ గానీ అలాంటి అంటుకోని కట్టు గానీ వేసి, రెండు మూడు రోజులు వదిలేస్తే కండ కదలకుండా పెరుగుతుంది. అలాగే ఆల్జినేట్‌కూ గడువుంది. రసి తగ్గాక అది జెల్ కాకుండా పీచులా ఎండి పుండుకే అంటుకుంటే, ఇక దాని పని అయిపోయినట్టే.

తేమ సంప్రదాయాన్ని ఇంతగా ఇష్టపడుతూనే దాని హద్దులు చెప్పాలి. రక్తప్రసరణ లేని కాలివేలి మీద నల్లగా, గట్టిగా, పొడిగా ఉన్న పక్కును హైడ్రోజెల్‌తో నానబెడితే సురక్షితంగా ఉన్నది చీము పట్టే దారి పడుతుంది. అక్కడ గాజ్ పక్షమే సరైనది, పొడిగా ఉంచి సర్జన్‌కు చూపించాలి. రసి ఎక్కువైన పుండుకు గాలి చొరని కట్టు వేస్తే చుట్టూ చర్మం తెల్లబడి ముడతలు పడుతుంది. హైడ్రోకొల్లాయిడ్ కింద చేరే పసుపు జెల్ వాసనగా ఉంటుంది. దాన్ని చూసి చీమని భయపడే విద్యార్థిని ఒకరైతే, నిజమైన చీమును జెల్ అని వదిలేసే విద్యార్థిని మరొకరు. సెలైన్‌తో కడిగాక మళ్లీ చూడాలి. చుట్టూ పాకే ఎరుపు, వేడి, పెరిగే నొప్పి, తాకితేనే రక్తం కారే కండ ఉంటే అది ఇన్ఫెక్షనే.

ఈ రెండు కుటుంబాలకూ చుట్టరికం కలిపే కట్లు ఉన్నాయి. పారఫిన్ గాజ్ ఒంటికి గాజే, గుణానికి అంటుకోని కట్టు. మన కేసులో నాలుగో వారం, గుంట పూడి అంచుల నుంచి లేత గులాబీ చర్మం లోపలికి పాకుతున్నప్పుడు దానిదే చోటు. ముంబై సర్జన్లు కాలిన గాయాల మీద ఆవిరితో శుద్ధి చేసిన అరటాకు కూడా వాడారు. నున్నగా ఉండి పుండుకు అంటుకోదు, తేమ పోనివ్వదు, ధర నామమాత్రం. వింటర్ పాలిథీన్ చేసిన పనికి మన పెరటి ఆకు సరిపోయిందన్నమాట.

అందుకే గంట పాఠంలో మొదటి పావుగంటకే ఫొటోలు పెట్టి, దశల పేర్లు వాటి మీదే చెప్పాలి. తర్వాత డ్రెస్సింగులు చేతికిచ్చి, కొలిచిన సెలైన్ పోసి ఏది ఎంత పీలుస్తుందో చూపాలి. మూల్యాంకనానికి నాలుగు దశల పేర్లు అడగడం నాకు చాలదు. విప్పిన కట్టు ఫొటో ఒకటి, దాని కింది పుండు ఫొటో ఒకటి ఇవ్వాలి. కట్టు ఎంత తడిసింది, ఏ రంగుకు తిరిగింది, తీసేటప్పుడు అంటుకుందా, అడుగు ఏ రంగు, అంచు ఎలా ఉంది అని రాయించాలి. ఆ తర్వాతే ఏ దశ, ఏ కట్టు, మళ్లీ ఎప్పుడు విప్పాలి అని అడగాలి. వార్డులోనూ విప్పిన కట్టును పసుపు సంచీలో వేసే ముందే ఆ వివరాలు నర్సింగ్ నోట్‌లో ఎక్కాలి.