గెయిన్ పెంచితే నెమ్మదించే టర్బైన్

పోలవరంలో గోదావరి ఎడమ గట్టున కడుతున్న జలవిద్యుత్ కేంద్రానికి 80 మెగావాట్ల కప్లాన్ టర్బైన్లు 12. ఇలాంటి టర్బైన్ వేగాన్ని కాచేది గవర్నర్. లోడ్ పెరిగి వేగం పడితే గైడ్ వేన్లను ఇంకాస్త తెరుస్తుంది. ఎంత పడితే ఎంత తెరవాలో తేల్చేది గెయిన్. గెయిన్ పెంచితే వేగం త్వరగా కుదురుకుంటుందని ఎవరికైనా తోస్తుంది. నీటి యంత్రం దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. వేన్లు తెరవగానే దారిలోని నీటిరాశి అంతా ఒక్కసారిగా వేగం అందుకోలేదు. ఈలోగా టర్బైన్ దగ్గర పీడనం పడిపోయి, పెరగాల్సిన పవర్ మొదట తగ్గుతుంది.

వాల్టర్ ఎవాన్స్ 1948లో ప్రచురించిన రూట్ లోకస్ ఈ చిక్కును ఒక్క బొమ్మలో చూపిస్తుంది. పోలవరం యంత్రాల కొలతలు కావు గానీ, పాఠ్యపుస్తకాల్లో తరచూ కనిపించే అంకెలే తీసుకుందాం: నీటి జడత్వ కాలం 1 సెకను, రోటార్‌ది 8 సెకన్లు. అప్పుడు లూప్ K(1-s)/(4s(s+2)). పోల్స్ 0, -2 దగ్గర. జీరో మాత్రం కుడివైపు, +1 దగ్గర. అక్కడ గుర్తు తిరగబడుతుంది కాబట్టి మామూలు నియమాలతో గీస్తే బొమ్మే తప్పొస్తుంది. సరిగా గీస్తే రెండు మూలాలూ ఎదురెదురుగా వచ్చి -0.73 దగ్గర కలిసి, విడిపోయి, +1 కేంద్రంగా వృత్తం మీద కుడికి వంగుతాయి. డ్యాంపింగ్ రేషియో 0.5 కావాలంటే రుణ అక్షానికి 60 డిగ్రీల గీత గీయాలి. అది వృత్తాన్ని -0.5 ± j0.866 దగ్గర తాకుతుంది. అక్కడి నుంచి పోల్స్‌కు దూరాలు 1, √3, జీరోకు √3. పోల్స్ దూరాల లబ్ధాన్ని జీరో దూరంతో భాగిస్తే 1, అంటే K = 4. సెటిలింగ్ టైమ్ సుమారు 4/0.5, అంటే 8 సెకన్లు. ఇంకా త్వరగా కావాలని K పెంచితే మూలాలు కుడికి జరిగి ఊగిసలాట పెరుగుతుంది, సెటిలింగ్ టైమ్ కూడా సాగుతుంది; K = 8 దగ్గర ఊగిసలాట ఆగదు. తగ్గిస్తే కొంతవరకు మేలే: డ్యాంపింగ్ 0.7కు K సుమారు 3.1, సమయం 6.5 సెకన్లు. మరీ తగ్గిస్తే ఒక మూలం సున్నా వైపు పోయి మందగిస్తుంది. 5 సెకన్లలో కుదరాలని అడిగితే దాన్ని తీర్చే గెయినే లేదు. ఆ మాట యంత్రం తిప్పకముందే కాగితం మీద తేలిపోవడమే ఈ పద్ధతితో వచ్చే లాభం.

పెద్ద గ్రిడ్‌కు కలిపిన యంత్రానికి ఇంత జాగ్రత్త దేనికని అడగవచ్చు. నిజమే, అక్కడ ఫ్రీక్వెన్సీని ఒక్క టర్బైన్ శాసించదు. కానీ గ్రిడ్ తెగి కేంద్రం తన లోడ్‌ను ఒంటరిగా మోయాల్సి వస్తే పై బొమ్మే గతి. పైగా నీటి జడత్వ కాలం ప్రవాహంతో పాటు పెరుగుతుంది, కాబట్టి గెయిన్‌ను పూర్తి లోడ్ దగ్గరే ఎంచాలి. వేన్లను కదిపే సర్వో ఆలస్యాన్ని ఇక్కడ వదిలేశాం; దాన్ని కలిపితే హద్దు 8 కంటే కిందికే దిగుతుంది.

ఇంకో అభ్యంతరం బరువైనది. K = 4 అంటే ఖాళీగా తిరిగే స్థితి నుంచి పూర్తి లోడ్‌కు వచ్చేసరికి వేగం 25 శాతం పడాలి, 50 హెర్ట్జ్‌లో 12.5 హెర్ట్జ్ పోయినట్టే. వాడుకలో ఉండేది 5 శాతం మాత్రమే, దానికి K = 20 కావాలి. అది స్థిరత్వ హద్దుకు ఎంతో అవతల ఉంది. అందుకే జల టర్బైన్ గవర్నర్లలో తాత్కాలిక డ్రూప్ పెడతారు: లోడ్ మారిన తొలి సెకన్లలో గెయిన్ 4 లాగా మెత్తగా పనిచేసి, తర్వాత మెల్లగా 20 దాకా ఎక్కుతుంది. దీనికి మూల్యం ఉంది. లోకస్‌లో సున్నాకు దగ్గరగా మరో మూలం చేరి, ఊగిసలాట ఆగిపోయాక కూడా వేగం చివరి కొద్ది భాగాన్ని నిదానంగా పూడ్చుకుంటుంది. ఆ తోకను లెక్కలోకి తీసుకుంటే 8 సెకన్లు అన్నది ఊగే జంటకే వర్తిస్తుంది.