మౌస్ కదులుతోంది, తెర మాత్రం రావట్లేదు

డాక్ వైరు గుచ్చగానే ల్యాప్‌టాప్ ఛార్జింగ్ ఎక్కుతుంది. మౌస్ కదులుతుంది, కీబోర్డు పనిచేస్తుంది. ఎదురుగా ఉన్న పెద్ద మానిటర్ మాత్రం సిగ్నల్ లేదని చెప్పి నిద్రపోతుంది. ఇలాంటప్పుడు మనవాళ్లు ముందుగా మానిటర్‌ని అనుమానిస్తారు, ఆ తర్వాత డాక్ డ్రైవర్ల కోసం వెతుకుతూ సాయంత్రం గడిపేస్తారు. నేనైతే పనిచేయని దాన్ని కాసేపు పక్కనపెట్టి, పనిచేస్తున్నవి ఏమిటో చూడమంటాను. జాడ దొరికేది అక్కడే.

టైప్-సి వైరు బయటికి ఒకటే అయినా లోపల ఉండే తీగలు వేరువేరు. కరెంటుకి కొన్ని. పాతకాలపు యూఎస్‌బీ 2.0కి ఒక జత. వేగంగా డేటా మోయడానికి నాలుగు లేన్లు. మౌస్‌కీ కీబోర్డుకీ ఆ పాత జత చాలు. బొమ్మ వెళ్లేది మాత్రం వేగపు లేన్ల మీదే. ఫోన్‌తో వచ్చే ఛార్జింగ్ వైర్లలో చాలావాటికి ఆ లేన్లే ఉండవు. అందుకే ఛార్జింగ్, మౌస్ బాగుండి తెర ఒక్కటే రాకపోతే మొదటి అనుమానం వైరు మీదే పెట్టుకోవాలి.

దీన్ని తేల్చడానికి ఓ చిన్న పరీక్ష ఉంది. వేగంగా పనిచేసే యూఎస్‌బీ 3 పెన్‌డ్రైవ్‌ని డాక్‌కి పెట్టి పెద్ద ఫైలు ఒకటి కాపీ చేయండి. వేగం సెకనుకి 30, 40 మెగాబైట్ల దగ్గర ఆగిపోతే వైరులో వేగపు లేన్లు లేకపోయే అవకాశమే ఎక్కువ. ఫైలు జోరుగా వెళ్లిపోతూ కూడా తెర రాకపోతే వైరుకి ఆ లేన్లు ఉన్నట్టే, కాబట్టి అనుమానం వేరేచోటికి మారుతుంది. ముందు విండోస్, P మీటలు కలిపి నొక్కి Extend ఎంచుకుని ఉందో లేదో చూడాలి. అది సరిగ్గానే ఉంటే రెండు సంగతులు మిగులుతాయి. ఒకటి, ల్యాప్‌టాప్‌లో ఆ టైప్-సి పోర్టుకి వీడియో పంపే శక్తి లేకపోవడం. పోర్టు పక్కన డీపీ గుర్తో పిడుగు గుర్తో ఉంటే శక్తి ఉన్నట్టు. గుర్తు లేనంత మాత్రాన లేదని కాదు, ఆ మోడల్ వివరాలు చూసుకోవాలి. రెండోది, డాక్ డిస్‌ప్లేలింక్ రకం కావడం.

డ్రైవర్ల గొడవ అసలు వచ్చేది ఇక్కడే. డిస్‌ప్లేలింక్ డాక్ బొమ్మని మామూలు యూఎస్‌బీ డేటాగా మార్చి పంపిస్తుంది, కాబట్టి దాని సాఫ్ట్‌వేర్ లేకపోతే తెర రాదు. మ్యాక్‌లో అయితే ఆ సాఫ్ట్‌వేర్‌కి స్క్రీన్ రికార్డింగ్ అనుమతి కూడా ఇవ్వాలి. మిగతా మామూలు డాక్‌లలో బొమ్మ నేరుగా ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ నుంచే వస్తుంది. వాటికి డాక్ డ్రైవర్ వెతకడం వృథా శ్రమ, చూసుకోవాల్సింది గ్రాఫిక్స్ డ్రైవర్‌ని.

కాకినాడలో ఇంటి నుంచి పనిచేసే మా అన్నయ్య కూతురికి ఈ మధ్య సరిగ్గా ఈ వైరు సమస్యే వచ్చింది. డాక్‌తో వచ్చిన అసలు వైరు వెతికి పెట్టగానే తెర వచ్చింది. మర్నాడు మళ్లీ ఫోన్. "బాబాయ్, బొమ్మ వచ్చింది కానీ మౌస్ బరువుగా ఉంది. పేజీ కిందికి జరిపితే అక్షరాలు ఎగిరెగిరి పడుతున్నాయి."

"మౌస్‌ది కాదమ్మా, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే తెరిచి Advanced display లో చూడు, ఎన్ని హెర్ట్జ్ ఉంది?"

"ముప్పై. వేరే అంకె ఎంచుకుందామంటే అరవై అసలు కనిపించడం లేదు."

ఆమెది 27 అంగుళాల 4కే మానిటర్. తెర సెకనుకి 60 సార్లు మారాల్సింది 30 సార్లే మారుతోంది, ఆ బరువు అదే. పాత డాక్‌లలో హెచ్‌డీఎంఐ 1.4 ఉంటే 4కే 30 దగ్గరే ఆగుతుంది కాబట్టి ముందు హెచ్‌డీఎంఐ తీయించి డిస్‌ప్లేపోర్ట్ వైరు పెట్టించాను. అప్పుడూ 30 దాటలేదు. మానిటర్ మెనూలో డిస్‌ప్లేపోర్ట్ వెర్షన్ 1.2 అనే ఉంది, అక్కడా తేడా లేదు. ఇక మిగిలింది లేన్ల లెక్క.

4కే అంటే 3840 అడ్డం, 2160 నిలువు. ఒక్కో చుక్కకి 24 బిట్లు, సెకనుకి 60 సార్లు. గుణిస్తే దాదాపు 12 గిగాబిట్లు, మధ్యలో ఉండే విరామాలు కూడా కలిపితే 12.5 దాటుతుంది. ఆమె ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ డిస్‌ప్లేపోర్ట్ 1.2 వరకే. అందులో ఒక్కో లేనుకి 5.4 గిగాబిట్లు. సంకేత పద్ధతికే అయిదో వంతు పోతుంది కాబట్టి బొమ్మకి మిగిలేది 4.32. నాలుగు లేన్లూ దొరికితే 17.28, కావలసినంత. కానీ ఆ డాక్ రెండు లేన్లు నెట్‌వర్క్‌కీ పెన్‌డ్రైవ్‌లకీ అట్టిపెట్టుకుని, బొమ్మకి మిగతా రెండే ఇస్తుంది. అంటే 8.64. 4కే 60 అందులో పట్టదు. 4కే 30 పడుతుంది, 2560×1440 అయితే 60తోనూ పడుతుంది. ఆ అమ్మాయి రిజల్యూషన్ 1440కి తగ్గించగానే జాబితాలో 60 ప్రత్యక్షమైంది. లెక్క కుదిరింది.

దీనికి సెట్టింగుల్లో మందు లేదు, డ్రైవర్ మార్చినా రెండు లేన్లు నాలుగు కావు. 1440లోనే ఉండిపోవచ్చు కానీ 4కే తెర మీద అక్షరాల అంచులు కాస్త పలచబడతాయి. రోజంతా కోడ్ చదివే కళ్లకి అది మంచిది కాదనిపించింది. అదృష్టంకొద్దీ ల్యాప్‌టాప్‌కి వీడియో ఇచ్చే రెండో టైప్-సి పోర్టు ఉంది. టైప్-సి నుంచి డిస్‌ప్లేపోర్ట్‌కి నేరుగా వెళ్లే వైరు ఒకటి కొని మానిటర్‌ని అక్కడ పెట్టించాను. దానికి నాలుగు లేన్లూ దొరికాయి, 4కే 60 వచ్చింది. ఛార్జింగ్, కీబోర్డు, నెట్ మాత్రం డాక్ మీదే ఉంచేసింది.

తెర 1024×768 దగ్గర ఆగిపోతే మాత్రం అది లేన్ల కొరత కాదు, జబ్బు వేరు. మానిటర్‌లో ఈడీఐడీ అనే చిన్న సమాచారం ఉంటుంది, అందులో మొదటి భాగం 128 బైట్లు. తాను ఏయే రిజల్యూషన్లు చూపగలదో మానిటర్ చెప్పుకునేది దాని ద్వారానే. హెచ్‌డీఎంఐలో దానికంటూ విడిగా తీగలుంటాయి. ఆ తీగలు చెడితే బొమ్మ వస్తుంది కానీ కంప్యూటర్‌కి మానిటర్ ఎవరో తెలియదు. అప్పుడు ఏదో ఒక చిన్న సైజు పట్టుకుని కూర్చుంటుంది. డివైస్ మేనేజర్‌లో Generic Non-PnP Monitor అని కనిపిస్తే ఇదే సంగతి. మధ్యలో ఉన్న కన్వర్టర్లు, పొడిగింపు వైర్లు, స్విచ్ పెట్టెలు ఒక్కొక్కటే తీసి చూడాలి. మానిటర్‌ని బటన్‌తో ఆపితే చాలదు, ప్లగ్గు పీకి అరనిమిషం ఆగి పెట్టాలి. రిజల్యూషన్‌ని బలవంతంగా రుద్దే సాధనాలు దొరుకుతాయి కానీ వాటి జోలికి వెళ్లొద్దంటాను. అవి చెడ్డ వైరుని కప్పిపెడతాయి, అది మరింత చెడినప్పుడు వెతుక్కునే దారి కూడా ఉండదు.

"నిన్నటిదాకా బాగానే ఉంది, ఏమీ మార్చలేదు" అనేవాళ్లు చెప్పేది కూడా నిజమే కావచ్చు. డిస్‌ప్లేపోర్ట్‌లో వైరు పెట్టిన ప్రతిసారీ రెండు చివర్లూ ఎంత వేగంతో మాట్లాడుకోగలవో పరీక్షించుకుంటాయి. పైవేగంలో తప్పులు ఎక్కువైతే కింది వేగానికి దిగిపోతాయి. కొత్త ల్యాప్‌టాప్‌లలో లేనుకి 8.1 గిగాబిట్ల వేగం ఉంటుంది, రెండు లేన్లలో బొమ్మకి 12.96 మిగులుతుంది. 4కే 60కి కావలసింది 12.5 పైన, అంటే సరిపోయినట్టే కానీ వదులు దాదాపు లేదు. పొడవైన వైరో, వదులైన పోర్టో ఉంటే ఒకరోజు కుదిరి మరో రోజు 30కి జారిపోతుంది. అలాంటిచోట పొట్టిగా, గట్టిగా ఉండే వైరు వేసి మూడు నాలుగుసార్లు తీసిపెట్టి చూడండి. ప్రతిసారీ 60 వస్తే సరి. ఒక్కసారి జారినా ఆ పోర్టుని పక్కనపెట్టి రెండో పోర్టులో ప్రయత్నించండి.