నాలుగు శాంపిళ్ల నేర్పు

రికార్డర్‌లో గెయిన్ ఎక్కువ పెడితే జరిగే నష్టం చెవికి బర్రుమనే మోతగా వినిపిస్తుంది. కంటికి కనపడాలంటే ఆ ఫైలును ఆడాసిటీలో తెరిచి, ఒక్కో శాంపిల్ ఒక్కో చుక్కగా విడిపోయేదాకా జూమ్ చేయాలి. గుండ్రంగా ఎక్కి దిగాల్సిన తరంగం పైకి వెళ్లి, ఒక ఎత్తు దగ్గర ఆగి, సమంగా నడిచి, మళ్లీ కిందికి దిగుతుంది. ఆ చదును మీద ఉండాల్సిన శిఖరం ఫైల్లో ఎక్కడా లేదు. వాల్యూమ్ తగ్గిస్తే చదును కిందికి జరుగుతుందే తప్ప శిఖరం తిరిగి రాదు. చదును రెండు చివర్లా ఏర్పడ్డ పదునైన మూలలే అసలు పాటలో లేని స్వరాలను పుట్టిస్తాయి. మనం వినే మోత అదే.

ఈ శిఖరాన్ని ఊహించి తిరిగి కట్టే పనిముట్టును డీక్లిపర్ అంటారు. వేలకు వేలు పోసి కొనేవి ఉన్నాయి. నేనిక్కడ చెప్పబోయేది ఆడాసిటీతో ఉచితంగా వచ్చే `Clip Fix` గురించి. బెంజమిన్ ష్వార్ట్జ్ రూపొందించిన పద్ధతి ఇది. `clipfix.ny` అనే చిన్న ఫైలు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు. చదివితే ఆ పనితనంలోని పొదుపు అర్థమవుతుంది.

అది చేసేది ఇంతే. ఎంచుకున్న భాగంలోని గరిష్ఠ ఎత్తును చూసి, అందులో 95 శాతం దాటిన చోట్లను తెగిన చోట్లుగా తీసుకుంటుంది. ఈ శాతాన్ని మనం మార్చుకోవచ్చు. చదునుకు ఎడమవైపు నాలుగు శాంపిళ్లు చూసి తరంగం ఎంత వాలుతో ఎక్కుతోందో, కుడివైపు నాలుగు చూసి ఎంత వాలుతో దిగుతోందో లెక్క కడుతుంది. ఆ రెండు వాలులకూ సరిపోయేలా మధ్యలో ఒక నునుపైన క్యూబిక్ వంపు గీస్తుంది. తర్వాతి చదునుకు వెళ్తుంది. ఆ కొత్త శిఖరాలకు పైన చోటు కావాలి కనుక మొత్తం ధ్వనిని ముందే 9 డెసిబెల్స్ తగ్గిస్తుంది. అంటే చదును ఎత్తుకు దాదాపు 2.8 రెట్ల దాకా శిఖరం లేవడానికి వీలుంటుంది.

ఇంత తక్కువ సమాచారంతో కట్టిన శిఖరం ఎంత నిజం? ఒక శుద్ధ స్వరంతో లెక్క వేసి చూద్దాం. 440 హెర్ట్జ్ స్వరాన్ని సెకనుకు 44,100 శాంపిళ్లతో రికార్డు చేస్తే ఒక్కో ఆవృత్తికి సుమారు 100 శాంపిళ్లు వస్తాయి. తరంగం తెగే ఎత్తును, అంటే హద్దును, 1 అనుకుందాం. స్వరం దాన్ని 1 డెసిబెల్ మించితే అసలు శిఖరం 1.12 దగ్గర ఉండాలి. తెగిన చదును పొడవు 15 శాంపిళ్లు. 6 డెసిబెల్స్ మించితే శిఖరం 2 దగ్గర ఉండాలి. చదును 33 శాంపిళ్లకు పెరుగుతుంది. కింది చదును కూడా కలిపితే ఆవృత్తిలో మూడింట రెండు వంతులు పోయినట్టే. అయినా అంచుల వాలులను బట్టి గీసిన వంపు రెండు సందర్భాల్లోనూ అసలు ఎత్తుకు అర డెసిబెల్ లోపే చేరుకుంటుంది. సగం ఎత్తు పోయిన శిఖరాన్ని చెరో నాలుగు శాంపిళ్ల ఆధారంతో అంత దగ్గరగా కట్టడం మెచ్చుకోదగ్గ పనే.

అయితే మనం రికార్డు చేసేది శుద్ధ స్వరాన్ని కాదు. ఒక హరికథ రికార్డింగ్ తీసుకుందాం. దాసుగారి గొంతు, వయొలిన్, మృదంగం, చిడతలు అన్నీ ఒకే మైకులో పడ్డాయి. రికార్డరు గెయిన్ ఎక్కువైంది.

మామూలు పాట నడుస్తున్నప్పుడు గొంతు అక్కడక్కడా హద్దు తాకింది. ఒక్కో చదును అయిదు నుంచి పది శాంపిళ్లు ఉంటుంది. ఇలాంటి చోట్ల వంపు చక్కగా అతుకుతుంది, మోత పోతుంది. చిడతల సంగతి వేరు. ఆ లోహపు చప్పుడులో 5,000 హెర్ట్జ్ పైన ఉండే ధ్వనులే ఎక్కువ. అక్కడ ఒక ఆవృత్తి అంతా కలిపి తొమ్మిది శాంపిళ్లే. నాలుగు శాంపిళ్లతో కొలిచిన వాలు అక్కడ తప్పుతుంది, గీసిన శిఖరం అసలు శిఖరం కాదు. కానీ నష్టం క్షణకాలమే కనుక ఆ గలగలలో చెవి దాన్ని పట్టుకోదు.

అసలు చిక్కు దాసుగారు గొంతెత్తి వచనం చెప్పినప్పుడు వస్తుంది. గొంతు శ్రుతి 200 హెర్ట్జ్ అయితే ఆవృత్తికి 220 శాంపిళ్లు. గట్టిగా తెగిన చోట ఒక్కో చదును 60 శాంపిళ్లు ఉందనుకోండి. మాటకు స్పష్టత ఇచ్చే ధ్వనులు 2,000 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటాయి. వాటి ఆవృత్తి 22 శాంపిళ్లు. అంటే ఆ ఒక్క చదును కింద దాదాపు మూడు అలలు పూర్తిగా పోయాయి. `Clip Fix` అక్కడ ఒకే ఒక్క నున్నని కొండ గీస్తుంది. బర్రుమనడం తగ్గుతుంది, శ్రుతి నిలుస్తుంది, మాట మాత్రం మొద్దుబారుతుంది. మృదంగం దెబ్బ దగ్గరా ఇదే జరుగుతుంది. దెబ్బ తన శిఖరాన్ని తిరిగి పొందుతుంది కానీ, ఆ క్షణంలో దాని మీద తేలుతున్న గొంతూ వయొలినూ ప్రతి దెబ్బకూ ఒకసారి మాయమవుతాయి.

ముగ్గులో ఒక గీత ముక్క చెరిగితే రెండు కొసలనూ చూసి కలపవచ్చు. మధ్య పువ్వంతా చెరిగిపోతే కొసలు ఏమీ చెప్పవు. అందుకే నష్టం ఎంతో తేల్చడానికి ధ్వని తీవ్రత కన్నా చదును పొడవే మంచి కొలత. దక్కించుకోవాలనుకున్న అతి సన్నని అల కన్నా చదును పొట్టిగా ఉంటే బాగు చేయవచ్చు. దాన్ని మించిపోతే అది బాగుచేత కాదు, కల్పన.

పెద్ద పనిముట్లు బాగుచేతకూ కల్పనకూ మధ్య ఉన్న ఈ సరిహద్దును కొంత ముందుకు జరుపుతాయి. ఉదాహరణకు, 1986లో యాన్సెన్, ఫెల్ట్‌హౌస్, వ్రీస్ ప్రచురించిన పద్ధతి నాలుగు శాంపిళ్లతో ఆగదు. చుట్టూ ఉన్న పెద్ద భాగాన్ని చదివి, ఆ ధ్వని నడక ఎలాంటిదో గ్రహించి, ఖాళీని అదే నడకతో నింపుతుంది. సాగదీసిన అచ్చులో ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ముందున్నదే మళ్లీ వస్తుంది. కానీ చుట్టుపక్కల అంతా చదునులే ఉంటే చదవడానికి మిగిలేది దానికీ తక్కువే.

బాగుచేత ఫలించిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. అసలు ఫైలు నకలు తీసి, దాన్నీ 9 డెసిబెల్స్ తగ్గించి, తలకిందులు చేసి, బాగు చేసిన ఫైలుతో కలపండి. ముట్టుకోని శాంపిళ్లన్నీ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మిగిలేది పనిముట్టు కొత్తగా కట్టింది మాత్రమే. అక్కడొకటి ఇక్కడొకటి టిక్కుమంటే పని శుభ్రంగా జరిగింది. ఆగకుండా మోగుతూ, పాట వరసే గుర్తుపట్టేలా ఉంటే హద్దు శాతం మరీ తక్కువ పెట్టి ఉండాలి, లేదా కల్పించింది మరీ ఎక్కువై ఉండాలి.

ఫోన్‌లో పంపిన ఎంపీ3 ఫైళ్ల దగ్గర పని ఇంకా ముందే ఆగిపోవచ్చు. తెగిన తర్వాత కుదించిన ఫైల్లో చదును సమంగా ఉండదు, అల్లల్లాడుతుంది. ఎక్కడ తెగిందో పనిముట్టు సరిగా గుర్తించలేదు. అందుకని రికార్డరులోని మొదటి ఫైలే అడిగి తెచ్చుకోవాలి. నాయిస్ తగ్గించడం, ఈక్వలైజర్ వంటివన్నీ డీక్లిపర్ తర్వాతే.

ఆ హరికథ విషయంలో నా తీర్పు ఇది: పాటల భాగాలను `Clip Fix`తో బాగు చేసి ఉంచాలి. గొంతెత్తిన వచనాల దగ్గర మోత తగ్గితే చాలనుకుని, మాట స్పష్టత కోసం పాకులాడకుండా ఆపాలి. చప్పట్లతో కలిసి పూర్తిగా చదునైపోయిన చోట ఏమీ చేయకుండా, వాల్యూమ్ మాత్రం తగ్గించి వదిలేయాలి. చెడిపోయిన అసలు ఫైలును మాత్రం చెరిపేయకండి. రేపు ఇంతకన్నా నేర్పున్న పనిముట్టు వస్తే దానికి కావలసింది ఆ ఫైలే.