పెద్ద మొత్తం, నిజమైన మొత్తం

అంబాజీపేట కొబ్బరి వ్యాపారం తీరు తీసుకుని రెండు నమూనా కరెంట్ ఖాతాలను పక్కపక్కన పెడదాం. ఇద్దరు యజమానులూ ఏడాది టర్నోవర్ కోటీ 20 లక్షలని చూపారు, చెరి 24 లక్షల ఓడీ అడిగారు. అంచనా టర్నోవర్‌లో 20 శాతం, అంటే చిన్న వ్యాపారాలకు నాయక్ కమిటీ చెప్పిన లెక్కే. అయితే గడిచిన ఏడాది నిలబడకపోతే వచ్చే ఏడాది అంచనా నిలబడదు. పచ్చి కొబ్బరికాయకు జీఎస్టీ లేదు కనుక రిటర్నులతో సరిచూసే దారీ ఇక్కడ లేదు. స్టేట్‌మెంటే ప్రధాన సాక్షి.

మొదటి ఖాతాలో జమలు కోటీ 26 లక్షలు. చెప్పినదానికంటే ఎక్కువే! కానీ వరుసలు చదివితే 30 లక్షలు యజమాని సొంత సేవింగ్స్ నుంచీ భార్య ఖాతా నుంచీ వచ్చి, మూడు నాలుగు రోజుల్లో అక్కడికే వెళ్లిపోయాయి. 12 లక్షలు బంగారం మీద తెచ్చిన అప్పు. 9 లక్షల చెక్కులు జమయ్యాక రిటర్నయ్యాయి. జమ ఒక వరుసలో, దాని రద్దు కింది వరుసలో ఉంది. మార్చి ఆఖరి వారంలో కట్టిన 15 లక్షల నగదు ఏప్రిల్ మొదట్లోనే మొత్తం డ్రా అయింది. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 60 లక్షలు.

రెండో ఖాతాలో జమలు 84 లక్షలే. చూడగానే వెలితిగా ఉంటుంది. అయితే ప్రతి జమా బయటి రాష్ట్రాల కొనుగోలుదారుల నుంచి, లోడు వెళ్లిన కొద్ది రోజులకు వచ్చింది. దసరా, కార్తీకమాసాల ముందు జమలు పెరిగాయి.

నాకు జమలకంటే ఖర్చుల వైపే ఎక్కువ నమ్మకం. అమ్మిన కాయను ముందు కొనాలి కదా. రెండో ఖాతాలో రైతులకు చెల్లింపులు, లారీ కిరాయిలు కలిపి 70 లక్షలు కనిపిస్తాయి. మొదటిదాంట్లో అలాంటివి 40 లక్షలు కూడా లేవు. అంత కొని కోటీ 20 లక్షలకు అమ్మడం ఈ వ్యాపారంలో కుదరదు.

రెండో వ్యాపారి చెప్పిన మిగతా 36 లక్షలు స్థానికంగా నగదుకు అమ్మి, ఆ నగదుతోనే రైతులకూ దింపు కూలీలకూ ఇచ్చాడనుకుందాం. అది బ్యాంకుకు రాకపోవడం సహజమే. కొనుగోలు పుస్తకం, లోడింగ్ చీటీలు చూపితే ఒప్పుకోవచ్చు. ఆయన కమీషన్ ఏజెంటైతే మాత్రం కథ మారుతుంది: చేతులు మారిన సరుకు ధర ఆయన టర్నోవర్ కాదు, కమీషనే ఆయనది.

కాగితాలు వచ్చేదాకా రెండో వ్యాపారికి 84 లక్షల మీద 16 లక్షల 80 వేలు ఇవ్వవచ్చు. మొదటి వ్యాపారికి సూత్రం ప్రకారం 12 లక్షలు వస్తాయి. సొంత డబ్బును తిప్పి అమ్మకంగా చూపిన ఖాతాకు నేనైతే అదీ సిఫారసు చేయను.