కాటా లేకుండా పైపు బరువు

అనుభవమున్న వెల్డింగ్ మేస్త్రీకి పైపు బరువు చెప్పడానికి కాటా అక్కర్లేదు. వెర్నియర్‌తో బయటి వ్యాసం, గోడ మందం మిల్లీమీటర్లలో కొలుస్తాడు. వ్యాసంలోంచి మందం తీసేసి, మిగిలినదాన్ని మందంతోనూ 0.02466తోనూ గుణిస్తాడు. మీటరు బరువు కిలోల్లో వచ్చేస్తుంది.

ఉక్కు సాంద్రత ఘనమీటరుకు 7,850 కిలోలు. దాన్ని 3.1416తో గుణించి, పది లక్షలతో భాగిస్తే వచ్చే అంకే ఈ 0.02466.

రెండంగుళాల పైపు చూడండి. వ్యాసం 60.3, మందం 3.6. రెండింటి తేడా 56.7. మీటరుకు 5.03 కిలోలు, ఆరు మీటర్లకు 30.2. మందం తీసేయడం మరిస్తే లెక్క 32 దాటుతుంది.

అదే వ్యాసంలో మందం 2.9 అయితే ఆరు మీటర్ల బరువు 24.6 కిలోలే. అందుకే మంచి మేస్త్రీ కోసిన అంచు గరుకును ఆకురాయితో తీసి, చుట్టూ నాలుగుచోట్ల మందం చూస్తాడు. పైపు కొనేటప్పుడు మీరూ అలాగే కొలిపించండి.